నానమ్మ పెట్టిన మూడు బొమ్మలు

ప్రశ్న: మా కుటుంబానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నాన్న దానికి అడ్మిన్. పోయిన ఏడాది ఒక తెల్లవారుజామున పిన్ని (మా బాబాయి భార్య) తన తండ్రి పోయారని అందులో పెట్టింది. దాని కింద అందరికన్నా ముందు నానమ్మ మెసేజ్ వచ్చింది. 😂😂😂. నానమ్మకూ పిన్ని వాళ్ల నాన్నగారికీ ఎప్పటి నుంచో మాట పట్టింపు ఉంది. పిన్ని స్క్రీన్‌షాట్ తీసి బాబాయికి చూపించింది. బాబాయి నాన్నకు ఫోన్ చేసి అరిచాడు. నాన్న కంగారుపడి ఆ మెసేజ్ డిలీట్ చేశాడు. మా తమ్ముడు (ఏ జోక్ కిందైనా 😭 పెట్టే రకం) నాకు విడిగా 'నానమ్మ కేక' అని పంపాడు. ఏడుపు బొమ్మ అనుకుని పెట్టి ఉంటుందని మధ్యాహ్నానికి నాకు తట్టింది, అందరికీ చెప్పాను. సరే అన్నారు. పిన్ని కూడా సరే అంది. బాధపడుతుందని నానమ్మకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

దీన్ని కథగా రాశాను. చదివిన స్నేహితులు పడీపడీ నవ్వారు. నాకేమో అది కథలా లేదు, జోకులా ఉంది. పొరపాటని తేలిపోయాక ఇంకేం రాయాలో తోచలేదు. ఈలోగా తమ్ముడు నోరు జారాడు, పిన్నికి తెలిసిపోయింది. 'మా నాన్న చావు నీకు కథయిందా?' అంది. నానమ్మ ఆ రోజు నుంచి గ్రూపులో ఏమీ పెట్టడం లేదు. అడిగితే కళ్లు కనపడటం లేదంటుంది. కథను ఒక పత్రికకు పంపాలని ఉంది. పంపనా, మాననా? పంపితే ఎలా ముగించను? కథ జతచేస్తున్నాను.

— ఒక పాఠకురాలు

జవాబు: కథ చదివాను. ముందు కథ సంగతి చెబుతాను, తర్వాత ఇంటి సంగతికి వస్తాను. రెండు ముళ్లూ ఒకే దారంలో పడ్డాయి కాబట్టి మధ్యలో అటూ ఇటూ పోతే ఏమనుకోకండి.

మీ స్నేహితులు నవ్వడంలో తప్పేమీ లేదు. మీరు వాళ్లను నవ్వించేలాగే రాశారు. నానమ్మ ఆ బొమ్మ ఎందుకు పెట్టిందో చివరి పేజీ దాకా దాచారు. గుట్టు విప్పగానే 'ఓహో, అదా' అని నవ్వుకుని పేజీ తిప్పేయడం తప్ప పాఠకుడికి వేరే పని మిగల్లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోన్ వాడే వాళ్లెవరైనా ఈ గుట్టును మొదటి పేజీలోనే పసిగట్టేస్తారు. ఇలాంటిది ప్రతి కుటుంబంలోనూ ఎప్పుడో ఒకసారి జరిగే ఉంటుంది. అంటే పాఠకుడు మీకన్నా ముందే చివరికి చేరి, మీరెప్పుడొస్తారా అని కూర్చుని ఉంటాడు. ఆ మధ్య పేజీలన్నీ వృథా.

దాచకండి. నానమ్మ ఏడుస్తూ ఆ బొమ్మ నొక్కడం మొదటి పేరాలోనే, పాఠకుడి కళ్లముందే జరగనివ్వండి. అప్పుడు పిన్ని ఫోన్ చేతిలోకి తీసుకునేసరికి పాఠకుడికి గుండె దడ మొదలవుతుంది. అది నవ్వు కాదని అతనికి తెలుసు, ఆమెకు తెలియదు. బాబాయి అరుస్తున్నప్పుడూ, మీ నాన్న డిలీట్ నొక్కుతున్నప్పుడూ అతను లోపల్లోపల వద్దు వద్దు అనుకుంటాడు. మీరు రాసుకున్న సన్నివేశాలే, ఒక్కటీ మార్చనక్కర్లేదు. కానీ అవే నవ్వు పుట్టించడం మానేసి భయం పుట్టిస్తాయి.

అలా రాయాలంటే నానమ్మ మనసులో ఆ నిమిషంలో ఏముందో మీకు తెలిసి ఉండాలి. అక్కడే మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'మధ్యాహ్నానికి నాకు తట్టింది' అన్నారు. తట్టడమంటే ఊహించడమే కదా. నానమ్మను అడిగి తెలుసుకున్నది కాదు. మీ ఊహను అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే అది అందరికీ వీలుగా ఉంది. పిన్ని గొడవ పెంచుకోనక్కర్లేదు, బాబాయి తల్లిని నిలదీయనక్కర్లేదు, మీ నాన్న డిలీట్ చేసినందుకు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మీ ఊహ నిజమే అయ్యుంటుందని నేనూ అనుకుంటున్నాను. కానీ అది సగమే. ఏడుపు బొమ్మ పెట్టాలనుకుంది, సరే. ఏడుపు బొమ్మలు బోలెడుంటే సరిగ్గా ఆ ఒక్కటే ఎందుకు?

ఫోన్ తెరిచి చూడండి. 😢లో నీళ్లు ఒక్క చుక్క, అదీ ఒక కంటి కింద. కళ్లజోడు లేకపోతే చుక్క కనపడదు, దిగులు మొహం మాత్రం కనపడుతుంది. 😭లో రెండు కళ్ల నుంచీ ధారలు కారుతున్నాయి. 😂లో కళ్లు గట్టిగా మూసుకుపోయి, నోరు బాగా తెరుచుకుని, రెండు పక్కలా పెద్ద పెద్ద బొట్లు. వెక్కివెక్కి ఏడ్చే మనిషి మొహాన్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? కళ్లు మూసుకుపోతాయి, నోరు తెరుచుకుంటుంది. నవ్వుకూ ఏడుపుకూ తేడా పెదవుల కొసల్లో ఉంటుంది, అవి పైకి తిరిగాయా కిందికి తిరిగాయా అని. గోరంత బొమ్మలో ఆ కొసలు డెబ్భై ఏళ్లు దాటిన కంటికి ఆనకపోవడం వింతేమీ కాదు. 2016లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి బొమ్మలు జనానికి చూపించి అర్థం అడిగారు. ఫోన్ ఫోన్‌కీ బొమ్మ గీత మారి అర్థం మారడం ఒక సంగతి, ఒకే ఫోన్లోని ఒకే బొమ్మ మీద కూడా జనం ఏకాభిప్రాయానికి రాలేదు. మీ నానమ్మ ఒంటరిది కాదు.

అయినా కంటిచూపు ఒక్కటే కారణమైతే ధారలు కట్టే 😭 ఆమె కంట పడాలి. అన్నిటికన్నా ఎక్కువ నీళ్లున్నది అందులోనే. దాన్ని ఎందుకు వదిలేసింది? మీరు బ్రాకెట్లో పెట్టేసి దాటిపోయిన తమ్ముడే దీనికి జవాబు అని నా అనుమానం.

గ్రూపులో వెనక్కి వెళ్లి, 😭 ఎక్కడెక్కడ వచ్చిందో వెతికి చూడండి. జోకుల కిందే ఎక్కువగా కనపడి ఉండాలి. 😂 బొమ్మ 2010లో యూనికోడ్ ప్రమాణంలోకి వచ్చింది. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్లు దాన్ని ఆ ఏటి మేటి పదంగా ఎంచుకునేంతగా లోకమంతా పాకింది. తల్లిదండ్రులూ, ఆఫీసు బాసులూ అందరూ వాడేసరికి కుర్రకారుకు అది పాతబడిపోయింది. వాళ్లు నవ్వొస్తే 😭 పెట్టడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ చచ్చాను అన్నట్టు 💀 కూడా పెడుతున్నారు. మీ తమ్ముడు చేస్తున్నది అదే. మరి నానమ్మకు ఈ బొమ్మలు ఎవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. గ్రూపు చూసే నేర్చుకుని ఉంటుంది. ఏ సందర్భంలో ఎవరు ఏది పెడుతున్నారో గమనించి, ధారలు కట్టే బొమ్మ వేళాకోళానిదని తేల్చుకుని ఉంటుంది. చావు కబురు కింద వేళాకోళం బొమ్మ పెట్టకూడదని జాగ్రత్తపడి, దాన్ని దాటి, పక్కనున్న ఇంకో కన్నీళ్ల బొమ్మను ఎంచుకుని ఉంటుంది.

ఇదే జరిగిందని నేను చెప్పలేను, జరిగి ఉండొచ్చని అంటున్నాను. కానీ కథకు ఇది బంగారం. మీ చిత్తుప్రతిలో నానమ్మ ఏమీ తెలియని అమాయకురాలు. ఇలా రాస్తే ఆమె ఇంట్లో అందరికన్నా శ్రద్ధగా గమనించిన మనిషి అవుతుంది. ఆ శ్రద్ధ వల్లే పొరపడిన మనిషి. ఊరికే ఒక మచ్చు రాసి చూపిస్తాను, మీ మాటల్లోకి మార్చుకోండి.

"ఆమె కళ్లజోడు సర్దుకుని బొమ్మల వరుసను వేలితో పైకి తోసింది. ధారలు కట్టి ఏడ్చే బొమ్మ వచ్చింది. అది మనవడిది. కోతి చెట్టు మీంచి జారితే అదే పెట్టాడు, బాబాయి గుమ్మానికి తల కొట్టుకుంటే అదే పెట్టాడు. ఇలాంటప్పుడు అది పెడితే కోడలేమనుకుంటుంది? దాటేసింది. ఇంకొంచెం పైకి తోసింది. కళ్లు మూసుకుని, నోరు తెరిచి, చెంపల మీద ఇంతేసి బొట్లతో ఒకటి. ఇది నయం. నొక్కింది. పోయింది పెద్దమనిషి, ఒక్కటేమిటని మళ్లీ నొక్కింది. మళ్లీ."

మూడు ఎందుకు పెట్టిందో మీ కథలో ఎవరూ అనుకోలేదు, గమనించారా? పొరపాటున వేలు తగిలితే ఒకటి పడుతుంది. మూడు పెట్టిందంటే ఏదో గట్టిగా చెప్పాలనుకుంది. పైగా వాట్సాప్‌లో మాటలేమీ లేకుండా బొమ్మలే పంపితే, మూడింటి దాకా మామూలుకన్నా పెద్దగా కనపడతాయి. పిన్ని తెర మీద అవి ఎంతెంత ఉన్నాయో ఊహించుకోండి.

మీ కథలో సాంకేతికంగా ఒక పొరపాటు ఉంది, మరిచిపోకముందే చెబుతాను. మొదట్లో నానమ్మ ఆ బొమ్మను పిన్ని మెసేజ్‌కి 'రియాక్షన్'గా పెట్టిందని రాశారు. తర్వాత నాన్న దాన్ని డిలీట్ చేశాడన్నారు. ఇది కుదరదు. అడ్మిన్ ఇతరుల మెసేజ్‌ను తీసేయగలడు గానీ, ఒకరు పెట్టిన రియాక్షన్‌ను ఇంకొకరు తీయలేరు. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. రియాక్షన్ అనుకుంటే కథ ఇంకో దారి పడుతుంది. మెసేజ్‌ను నొక్కి పట్టుకుంటే పైన వచ్చే ఆరు బొమ్మల వరుస మామూలుగా 👍 ❤️ 😂 😮 😢 🙏 అని ఉంటుంది. నవ్వుకూ కన్నీటి చుక్కకూ మధ్య ఒక్క బొమ్మే అడ్డం. వేలు జారిందనడానికి అక్కడ బాగా వీలుంది. పైగా రియాక్షన్ పెడితే ఫోన్ మోగేది మెసేజ్ పెట్టిన పిన్నికి ఒక్కదానికే. మిగతా వాళ్లు గ్రూపు తెరిచి చూస్తేనే తెలుస్తుంది. పిన్ని ఒక్కతే చాలాసేపు ఆ అవమానాన్ని మోస్తుంది. అదీ మంచి కథే. కానీ మీ ఇంట్లో జరిగింది మెసేజ్, మీ కథకు అవసరమైనదీ మెసేజే. ఎందుకంటే డిలీట్ లేకపోతే ఈ కథకు వెన్నెముక లేదు.

డిలీట్ గురించి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. మీ నాన్న పరువు కాపాడటానికి చేసిన పనిగానే చూశారు. నానమ్మ ఫోన్లో అది ఎలా కనపడిందో ఆలోచించండి. ఆమె మూడు బొమ్మలున్న చోట ఇప్పుడు అడ్మిన్ ఈ మెసేజ్‌ను తొలగించారన్న ముక్క, అందులో కొడుకు పేరు. దాని కింద అందరి దణ్ణాలూ, అందరి సానుభూతి మాటలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆమెది ఒక్కటే పోయింది. ఆమె లెక్కలో ఆమె ఏడ్చింది. ఆ ఏడుపును సొంత కొడుకు అందరి ముందూ చెరిపేశాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. వియ్యంకుడితో మాట పట్టింపు ఉన్న సంగతి ఆమెకూ గుర్తుంటుంది కదా. 'నాకు ఏడ్చే హక్కు కూడా లేదనుకుంటున్నారన్నమాట' అని అనుకుని ఉంటే? కళ్లు కనపడటం లేదని మీతో అన్నది కళ్ల గురించేనంటారా?

మీ కథ నిజంగా మొదలయ్యేది ఇక్కడ. అంతకు ముందున్నదంతా ఇక్కడికి రావడానికి వేసుకున్న దారి.

ఎవరి కళ్ల నుంచి చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. ఇప్పుడు మనవరాలి గొంతుతో చెప్పారు. దానివల్ల ఫోన్ల గొడవంతా హాయిగా నడిచింది, నిజమే. కానీ మనవరాలు అన్నీ తెలిసిన మనిషిలా అందరినీ చూసి నవ్వుతోంది. ఆమె కూడా నానమ్మను అడగలేదన్న సంగతి కథలో ఎక్కడా ఆమెకు తగలదు. అదే గొంతు ఉంచుకోవాలనుకుంటే అది తగలాలి. నానమ్మ వైపు నుంచి చెబితే ఆ డిలీట్ పిడుగులా పడుతుంది గానీ, పిన్ని ఇంట్లో ఏం జరిగిందో మీరు చూపించలేరు. ఆమెకు గ్రూపులోని నిశ్శబ్దం తప్ప ఏమీ అందదు. కథ చిన్నదవుతుంది, మూడు నాలుగు పేజీలకు మించదు. నేనైతే అదే రాసేదాన్ని. కానీ మీకు సంభాషణలు బాగా వచ్చు, నానమ్మ వైపు నుంచి రాస్తే అవన్నీ వదులుకోవాలి. ఇక మూడోది, పిన్ని వైపు. కష్టమైనది అదే, ఎందుకంటే మీకు ఆమె మీద కాస్త చులకన ఉంది.

కోపం తెచ్చుకోకండి, ఉందనే అంటాను. మీ కథలో పిన్ని 'ఇంతెత్తున లేచింది', 'శివాలెత్తింది', 'రాద్ధాంతం చేసింది'. ఆమె గురించి వాడిన క్రియలన్నీ ఇవే. తెల్లారకముందే తండ్రిని పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆ కబురు వేళ్లతో కొట్టి పంపడమే ఎంత కష్టమో ఆలోచించండి. పంపాక జవాబు కోసం చూస్తుంది, ఎవరైనా చూస్తారు. మొట్టమొదటి జవాబు అత్తగారిది, అదీ నవ్వు. పాత పట్టింపు ఉన్న మనిషి నుంచి. ఆ స్థితిలో ఆమె చదివిన అర్థం కన్నా సహజమైన అర్థం ఇంకోటి ఉందా? స్క్రీన్‌షాట్ తీయడాన్ని మీరు కుట్రలా రాశారు. తను చూసింది నిజమో కాదో తనకే నమ్మకం లేక, ఇంకొకరికి చూపించి తేల్చుకుందామని కూడా తీసి ఉండొచ్చు. ఆమెకు ఒక పేజీ ఇవ్వండి. ఆమె ఆ మూడు బొమ్మలను వేళ్లతో పెద్దవి చేసి చూసే ప్రయత్నం చేయనివ్వండి. అవి పెద్దవి కావు, స్క్రీన్‌షాట్ తీసి దాన్ని పెద్దది చేస్తే అవుతాయి. స్క్రీన్‌షాట్‌కు కారణం దొరికింది చూశారా.

ఇంకోటి. ఆ పోయిన పెద్దాయనకు మీ కథలో మొహం లేదు. చచ్చిపోవడానికి తప్ప ఆయన కథలోకి రాలేదు. 'మా నాన్న చావు నీకు కథయిందా' అన్న మాటలో ఉన్న నొప్పి ఇదే అయ్యుండొచ్చు. కథ రాశారని కాదు, కథలో ఆయన లేడని.

ఇక పంపడమా, మానడమా అన్నది. నేను పంపమనీ చెప్పను, మానమనీ చెప్పను. దేనికి ఏమవుతుందో చెబుతాను.

ఉన్నదున్నట్టు పంపారనుకోండి. బంధువుల్లో ఎవరో ఒకరు చదువుతారు. చదివి పిన్నికి ఫోన్ చేస్తారు. ఆమె ఒకసారి 'సరే' అంది కదా, ఆ సరే అప్పుడు చిరిగిపోతుంది. పొరపాటని ఒప్పుకున్నది మీ మాట మీద, ఆ మాటకు విలువ పోతుంది. కథ అచ్చయ్యాక ఈ నష్టాన్ని మీరు పూడ్చలేరు.

వివరాలు మార్చి పంపొచ్చు. చాలామంది రచయితలు చేసేది ఇదే. కానీ పేర్లు మార్చడం మార్పు కాదు, గ్రూపులో వాళ్లందరికీ రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. మార్చాల్సింది చుట్టరికాన్ని, కబురును. చావు బదులు ఉద్యోగం పోయిన కబురనుకోండి, లేదా కూతురి కాపురం విరిగిన కబురు. అప్పుడు నవ్వు బొమ్మను ఎత్తిపొడుపుగా చదవడానికి ఇంకో పాత గాయం కావాలి. 'నేను ఆనాడే వద్దన్నాను' అన్న తల్లి, వినని కూతురు. అప్పుడు నవ్వు బొమ్మకు 'చెప్పానా?' అన్న అర్థం దానంతటదే వచ్చేస్తుంది. ఇలా మారిస్తే పిన్నికి ఎక్కడ పుట్టిందో తెలిసినా, లోకానికి అది ఆమె కథ కాదు. చావు పోతే కథ బరువు కొంచెం తగ్గుతుంది, కానీ నానమ్మను అడగకపోవడం, ఆమె మెసేజ్ చెరిపేయడం అలాగే ఉంటాయి. ఏం చేసినా ఒక్కటి మాత్రం వదలకండి. పిన్ని ఆ రోజు పెట్టిన మెసేజ్‌లోని మాటలు అక్షరాలా వాడొద్దు. మీ చిత్తుప్రతిలో ఉన్నది ఆ మెసేజే అని నాకనిపిస్తోంది. అది ఆమె రాసింది, మీరు రాసింది కాదు.

మూడోది పిన్నికి చూపించడం. చూపిస్తే మొత్తం తిరగరాశాకే చూపించండి, ఇప్పుడున్నది వద్దు. ఇప్పుడున్నది చదివితే ఆమె అనుమానం ఖాయమవుతుంది. ఆమె వద్దంటే మానేయాలి. అడిగి, వద్దన్నాక పంపడం కన్నా అసలు అడగకుండా పంపడమే నయం. కాబట్టి ఆమె కాదంటే ఈ కథను బీరువాలో పెట్టగలరా అని ముందు మిమ్మల్ని మీరు అడుక్కుని, పెట్టగలిగితేనే వెళ్లండి. వెళ్లినప్పుడు కథతో మొదలుపెట్టకుండా వాళ్ల నాన్నగారి గురించి అడగండి. ఏం చేసేవారు, దేనికి కోపం వచ్చేది, నానమ్మతో ఆ పట్టింపు అసలు ఎక్కడ మొదలైంది. మీకు 'ఏదో మాట పట్టింపు' అని మాత్రమే తెలుసు. కథకురాలికి ఆ 'ఏదో' తెలియకపోతే కష్టం.

నానమ్మ విషయం కథతో సంబంధం లేకుండా, కథ కన్నా ముందు తేల్చాలి. ఆమెకు చెప్పకుండా వదిలేస్తే బాధపడదని మీరంతా అనుకున్నారు. కానీ ఆమె ఇప్పటికే బాధపడుతోంది, ఎందుకో తెలియకుండా. చెబితే ఒక రోజు సిగ్గుపడుతుంది, 'అయ్యో, ఆ పిల్ల ఏమనుకుందో' అని కుమిలిపోతుంది. అది చిన్నదేమీ కాదు. ఆ వయసులో పొరపాటు బయటపడితే కొందరు ఫోన్ పూర్తిగా పక్కన పెట్టేస్తారు. మీ నానమ్మ ఎలాంటి మనిషో మీకు తెలుసు. గట్టి మనిషైతే నేరుగా చెప్పండి. కాకపోతే తమ్ముడి నేరాన్ని ముందుపెట్టండి. 'వీడు నవ్వొస్తే ఏడుపు బొమ్మ పెడతాడు నానమ్మా, అందుకే మాకందరికీ తికమక' అని మొదలుపెట్టి, ఆ మూడు బొమ్మలు చూపించి, ఇందులో నీకేం కనపడుతోంది అని అడగండి. జవాబు ఆమె నోటి నుంచే రానివ్వండి, మీరు అందించకండి. ఆమె మీరెవరూ ఊహించని ఇంకేదో చెప్పే అవకాశం కూడా ఉంది. అప్పుడు మీ కథా నా సిద్ధాంతమూ రెండూ పోతాయి, పోనివ్వండి. వెళ్లేటప్పుడు నోట్‌బుక్ మాత్రం తీసుకెళ్లకండి.

మీ నాన్న డిలీట్ చేసిన విషయం ఆయనే చెప్పాలి, మీరు కాదు. ఆయన చెప్పనంటే బలవంతపెట్టకండి, కానీ ఆమె ఫోన్లో అది ఎలా కనపడిందో ఆయనకు ఒకసారి చూపించండి. ఇక ముందుకైతే, మైకు గుర్తును నొక్కి పట్టుకుని మాట్లాడి వదిలితే గొంతు వెళ్లిపోతుందని నానమ్మకు నేర్పండి. ఆమె గొంతులో 'పోయాడా, అయ్యో' అన్న మాటను ఎవరూ ఇంకోలా చదవలేరు. నేర్పే పని తమ్ముడికి అప్పజెప్పండి, బాకీ ఉన్నాడు.

ముగింపు అడిగారు. మీ చివరి పేరా, ఆ బొమ్మలు మనుషుల్ని దూరం చేస్తున్నాయనే ఉపన్యాసం, మొత్తం కొట్టేయండి. దూరం చేసింది బొమ్మ కాదు, ఒక ఇంట్లో అన్ని ఫోన్లు తిరిగి ఒక్క ఫోన్‌కి తిరగకపోవడం. అది పాఠకుడికి ఎలాగూ తెలుస్తుంది. మనవరాలి గొంతుతో ఉంచితే, ఆమె నానమ్మ గదిలోకి వెళ్లి అడగబోయే చోట ఆపొచ్చు. జవాబు చెప్పకపోతే కొందరికి వెలితిగా ఉంటుంది, చెబితే మళ్లీ గుట్టు విప్పినట్టవుతుంది. నానమ్మ వైపు నుంచైతే, గ్రూపులో ఇంకో కబురు వస్తుంది. ఈసారి మంచి కబురే. ఆమె బొమ్మల వరుస తెరిచి, మూసేసి, ఫోన్ బోర్లించి పెడుతుంది. నాకు రెండోదే నచ్చింది గానీ, కథ మీది.

పంపే ముందు ఒక చిన్న పని. పత్రిక వాళ్లు కంపోజ్ చేసే ఫాంట్లో ఆ బొమ్మ లేకపోతే అచ్చులో దాని చోట ఖాళీ పెట్టె పడుతుంది. ఉన్నా నలుపు తెలుపుల్లో నల్ల చుక్కలా అలుక్కుపోతుంది. బొమ్మ ఎలా ఉంటుందో మొదటిసారి వచ్చినప్పుడే మాటల్లో రాసేయండి, తర్వాత అది అచ్చు కాకపోయినా ఫర్వాలేదు.